దూరదర్శనా, ప్రైవేటు ఛానెలా: ఏ అవసరానికి ఏది నమ్ముకోవాలి?

మా మేనమామది మచిలీపట్నం దగ్గర ఒక పల్లెటూరు. కొన్నేళ్ల క్రితం తుపాను వస్తోందంటే అమ్మమ్మను తీసుకురావడానికి వెళ్లి నేనూ అక్కడే చిక్కుకుపోయాను. చీకటి పడేదాకా టీవీ నడుస్తూనే ఉంది. ఒక న్యూస్ ఛానెల్లో సముద్రపు అల గట్టుకు కొట్టుకునే దృశ్యం ఒక్కటే తిప్పి తిప్పి వేస్తున్నారు. ఆ అల ఏ ఊరిదో, ఏ రోజుదో ఎక్కడా రాయలేదు. మా ఊరు ఖాళీ చేయాలా వద్దా అన్నది మాత్రం గంటసేపు చూసినా తెలియలేదు.

ఏడున్నరకి కరెంటు పోయింది. దాంతో టీవీ, ఇంకాసేపటికి ఫోన్లో సిగ్నల్ కూడా పోయాయి. అప్పుడు మామయ్య అటక మీంచి పాత రేడియో దించాడు. వెనక మూత ఎప్పుడో విరిగిపోతే నల్ల టేపు చుట్టి పెట్టాడు. రెండు బ్యాటరీలు వేసి, ముల్లును మీడియం వేవ్‌లో 837 దగ్గరికి మెల్లగా తిప్పాడు. గరగరల మధ్య విజయవాడ కేంద్రం పలికింది. తొందర లేని మామూలు గొంతు. తుపాను ఎక్కడుంది, ఎటు కదులుతోంది, ఏ ఓడరేవులో ఎన్నో నంబరు హెచ్చరిక ఎగరేశారు, జాలర్లు ఏం చేయాలి, ఇవన్నీ వరసగా చదివింది. కాసేపటికి మళ్లీ అవే చదివింది. అమ్మమ్మ అంతా విని, "తెల్లారేదాకా ఇంతేగానీ, ఇక పడుకోండర్రా" అంది.

అదే మామయ్య ఎన్నికల రోజుల్లో ఆ రేడియోను ముట్టడు. "ఇది సర్కారు వాళ్లది, సర్కారును ఏమంటుందిలే" అని ప్రైవేటు ఛానెళ్లు పెట్టుకుంటాడు. అందులోనూ రెండు, ఒకదానికొకటి పడనివి. ఈ రెండు నిర్ణయాలూ సరైనవేనని నా అభిప్రాయం. ఒకే మనిషి ఒకే సంస్థను ఒక రాత్రి నమ్మడం, ఇంకో రోజు నమ్మకపోవడం చపలచిత్తం కాదు. ఏ ఛానెల్ జీతాలు ఎవరు ఇస్తున్నారో, దానికి ఎవరంటే భయమో ఆయనకు తెలుసు. మనకూ అది తెలిస్తే ఎంపిక సులువవుతుంది.

బిల్లు ఎవరు కడుతున్నారు

ఒకప్పుడు రేడియో ఇంట్లో ఉండాలంటే లైసెన్సు కావాలి. పోస్టాఫీసుకు వెళ్లి ఏడాదికి 15 రూపాయలు కడితే చిన్న పుస్తకంలో ముద్ర వేసి ఇచ్చేవాళ్లు. కట్టకుండా వింటే నేరమే. 1980ల మధ్యలో ఈ లైసెన్సు ఎత్తేశారు. జనం సంతోషించారు గానీ, వినేవాడికీ వినిపించేవాడికీ మధ్య ఉన్న ఒక్కగానొక్క తాడు కూడా అక్కడే తెగింది. అంతకుముందు "నేను డబ్బు కడుతున్నాను" అనడానికి మన దగ్గర ఒక రసీదు ఉండేది.

ఇప్పుడు ఆకాశవాణినీ దూరదర్శన్‌నూ నడిపే ప్రసార భారతికి డబ్బు రెండు దారుల్లో వస్తుంది. పెద్ద దారి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు. ఇటీవలి బడ్జెట్లలో ఇది ఏటా సుమారు రెండున్నర వేల కోట్ల రూపాయలు, ఆ పైన. అందులో సింహభాగం జీతాలకే పోతుంది. కొత్త ట్రాన్స్‌మిటర్లు, స్టూడియోల లాంటి వాటికి వేరే పథకం కింద ఇస్తారు. రెండో దారి సొంత సంపాదన. వివిధ భారతిలో 1967 నుంచి, టీవీలో 1976 నుంచి ప్రకటనలు ఉన్నాయి. వీటికి తోడు నెలవారీ బిల్లు లేని డీడీ ఫ్రీ డిష్‌లో చోటు కోసం ప్రైవేటు ఛానెళ్లు వేలంలో పాడి కట్టే సొమ్ము ఉంది. అంటే మన ప్రజా ప్రసార సంస్థ కూడా సగం సంతలోనే ఉంది. దూరదర్శన్‌లో ప్రకటనలు ఉండవని ఎవరైనా చెబితే అది పాతకాలపు మాట.

ప్రైవేటు ఛానెల్ లెక్క వేరు. సినిమాలు, సీరియళ్ల ఛానెళ్లకు మనం నెలనెలా కట్టే డబ్బులో వాటా వెళ్తుంది. వార్తా ఛానెళ్లలో చాలావరకు ఉచితంగా వచ్చేవే. వాటికి చందా రాబడి దాదాపు లేదు. పైగా ఎదురు ఖర్చు ఉంది. కేబుల్ వాళ్ల జాబితాలో మంచి నంబరు దగ్గర కనిపించడానికి ఛానెలే వాళ్లకు డబ్బు కట్టాలి. సెట్‌టాప్ బాక్స్ ఆన్ చేయగానే మనం అడక్కుండానే ఒక ఛానెల్ ప్రత్యక్షమవుతుంది చూడండి, ఆ చోటుకు కూడా రేటు ఉంటుంది. ఇంత ఖర్చూ ప్రకటనల మీదే రాబట్టాలి. ఆ ప్రకటనల్లో సబ్బులు, బంగారం, రియల్ ఎస్టేట్, కాలేజీలతో పాటు రాష్ట్ర ప్రభుత్వ పథకాల ప్రకటనలు కూడా ఉంటాయి. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

బ్రిటన్‌లో బీబీసీకి ఇప్పటికీ లైసెన్సు ఫీజు ఉంది. టీవీ చూసే ప్రతి ఇల్లూ ఏటా ఇది కట్టాలి, 2025 ఏప్రిల్‌లో అది ఏడాదికి 174.50 పౌండ్లయింది. అక్కడున్న మన తెలుగువాళ్లు ఇల్లు మారగానే వచ్చే మొదటి ఉత్తరాల్లో ఇదొకటని చెబుతుంటారు. ఫీజు ఎంతో నిర్ణయించేది ప్రభుత్వమే కాబట్టి వాళ్లకూ పూర్తి స్వేచ్ఛ లేదు. అయినా ఏటా మంత్రిత్వ శాఖ ముందు చేయి చాచడం, ఇంటింటి నుంచీ వచ్చే ఫీజు మీద బతకడం ఒకటి కావు. అక్కడే ఛానెల్ 4 అని ఇంకొకటి ఉంది, 1982లో మొదలైంది. ఆస్తి ప్రజలది, రాబడి ప్రకటనలది, బాధ్యతలు చట్టంలో రాసి ఉన్నాయి. కాబట్టి "సర్కారుదా, ప్రైవేటుదా" అన్న ఒక్క ప్రశ్నతో పని జరగదు. యజమాని ఎవరు, డబ్బు ఎక్కడిది, బాధ్యత ఎక్కడ రాసి ఉంది అని మూడు ప్రశ్నలు విడివిడిగా వేయాలి.

ఎవరికి భయపడాలి

ప్రసార భారతి చట్టం 1990లోనే పార్లమెంటులో పాసైంది. అమల్లోకి వచ్చింది మాత్రం 1997లో. ఆ ఏడేళ్ల ఆలస్యానికి ముందు కూడా పెద్ద కథ ఉంది. ఎమర్జెన్సీలో రేడియో ప్రభుత్వ బాకాగా మారిందని జనం గగ్గోలు పెడితే, ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం వర్గీస్ కమిటీని వేసింది. ప్రసారాలను స్వతంత్ర ట్రస్టు నడపాలని ఆ కమిటీ 1978లో చెప్పింది. అది చెప్పినట్టు జరగలేదు.

చట్టం చదివితే మంచి మాటలే ఉంటాయి. అధ్యక్షుణ్ణీ సభ్యులనూ ప్రభుత్వం నేరుగా వేసుకోకుండా ముగ్గురి కమిటీ సిఫార్సు చేయాలి. అందులో రాజ్యసభ అధ్యక్షుడు, ప్రెస్ కౌన్సిల్ అధ్యక్షుడు, రాష్ట్రపతి నామినేట్ చేసిన ఒకరు ఉంటారు. పనితీరు చూడటానికి 22 మంది ఎంపీల కమిటీ ఉండాలని 13వ సెక్షన్ అంటుంది. ఆ కమిటీ కాగితం మీదే ఉండిపోయింది. అదే చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం దేశ భద్రత, శాంతిభద్రతల లాంటి కారణాలు చూపి ఫలానాది ప్రసారం చేయొద్దని కేంద్రం ఆదేశించవచ్చు. అయితే నా ఉద్దేశంలో అసలు పట్టు ఈ సెక్షన్‌లో కూడా లేదు, గ్రాంటులో ఉంది. జీతాల డబ్బు ఒకే చోటు నుంచి వస్తున్నప్పుడు ఎవరూ ఆదేశించాల్సిన పనే ఉండదు. ఏ వార్త ముందు చదవాలో, ఏది మూడో వరసలో పెట్టాలో డెస్కు మీద కూర్చున్నవాళ్లకు తెలిసిపోతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఎన్నికలప్పుడు గుర్తింపు పొందిన పార్టీలకు ఆకాశవాణి, దూరదర్శన్‌లలో ఉచితంగా సమయం ఇస్తారు. 1998 నుంచి ఈ పద్ధతి ఉంది. ప్రతి పార్టీకీ కొంత కనీస సమయం, ఆపైన గత ఎన్నికల్లో వచ్చిన ఓట్లను బట్టి అదనం. ఎవరు ఎప్పుడు మాట్లాడాలో లాటరీ తీస్తారు. డబ్బున్న పార్టీకీ లేని పార్టీకీ ఒకే స్టూడియో, ఒకే కెమెరా. ఏ ప్రైవేటు ఛానెలూ తనంతట తాను ఇలా ఇవ్వదు. ఇది నిజంగా గొప్ప ఏర్పాటు. అయితే ప్రసంగం పాఠాన్ని ముందే ఇవ్వాలి, దాన్ని పరిశీలిస్తారు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో మన తెలుగువాడైన సీపీఎం నాయకుడు సీతారాం ఏచూరి ప్రసంగంలో కొన్ని మాటలు తీసేయాలని దూరదర్శన్ అడిగింది. ఫార్వర్డ్ బ్లాక్ నాయకుడికీ అదే జరిగింది. ఎన్నికల సంఘం నియమాల ప్రకారమే అడిగామని సంస్థ చెప్పింది. ఏ పక్షం వాదన సరైనదన్నది మీరే తేల్చుకోండి. నేను చూపించదలచుకున్నది ఒక్కటే: ఒకే సంస్థ, ఒకే పథకం, ఒక చేత్తో సమాన అవకాశం ఇచ్చింది, ఇంకో చేత్తో పెన్సిల్ పట్టుకుంది.

ఇక ప్రైవేటు ఛానెళ్ల స్వేచ్ఛ. 2014 జూన్‌లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ఛానెళ్లను కేబుల్ సంస్థలు ఆపేశాయి. ఎమ్మెల్యేల మీద వేసిన ఒక కార్యక్రమం వల్ల రేగిన గొడవ అది. పదేళ్ల తర్వాత, 2024 జూన్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారగానే కొన్ని ఛానెళ్లు చాలా ఇళ్లలో రాకుండా పోయాయి. టీవీ9 విషయంలో ఢిల్లీ హైకోర్టు జోక్యం చేసుకుని మళ్లీ వేయమని కేబుల్ సంస్థలను ఆదేశించాల్సి వచ్చింది. రెండుసార్లూ ఛానెల్ లైసెన్సు రద్దు కాలేదు, ఎవరి మీదా నిషేధం రాలేదు. మధ్యలో ఉన్న వైరు ఆగింది, అంతే. పార్టీలు వేరు, రాష్ట్రాలు వేరు, గొంతు దగ్గర పట్టు మాత్రం ఒకటే.

ఇప్పుడు ఇందాక గుర్తుపెట్టుకోమన్న విషయానికి వస్తాను. రాష్ట్ర ప్రభుత్వం ఒక పెద్ద ప్రకటనదారు. దానికి నచ్చని ఛానెల్‌కు ప్రకటన ఇవ్వకపోతే అది సెన్సార్ అని ఎవరూ అనరు, కోర్టుకు వెళ్లడం కూడా కష్టం. కాలేజీల ప్రకటనల మీద బతికే ఛానెల్లో ఆ కాలేజీ హాస్టల్లో జరిగిన సంఘటన ఎంతసేపు వస్తుందో గమనిస్తే ఇంకో రకం భయం కనిపిస్తుంది. వీటికి పైన యజమాని భయం. మన రెండు రాష్ట్రాల్లో ఏ ఛానెల్ ఏ పార్టీ వైపు మొగ్గుతుందో ఛాయ్ దుకాణంలో ఎవర్ని అడిగినా చెబుతారు. ఇలా అందరికీ తెలిసి ఉండటంలో ఒక మేలూ ఉంది. తెలిసిన మొగ్గును లెక్కలోంచి తీసేసుకోవచ్చు. మామయ్య ఒకదానికొకటి పడని రెండు ఛానెళ్లు పెట్టుకోవడం వెనక తర్కం ఇదే. ఇద్దరూ ఒప్పుకున్న విషయం దాదాపు నిజమై ఉంటుంది. ఇద్దరిలో ఒకరు అసలు చెప్పని విషయం ఉంటే, ఎందుకు చెప్పలేదో చూడాలి.

1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు క్రికెట్ ప్రసారాల కేసులో ఇచ్చిన తీర్పు ఈ రెండు భయాలనూ ముందే చూసింది. ఆకాశంలోని తరంగాలు ప్రజల ఆస్తి అని ఆ తీర్పు చెప్పింది. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకరు మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. ప్రభుత్వం చేతిలో ప్రసారం ఉంటే ఆచరణలో అది అప్పటికి అధికారంలో ఉన్న పార్టీ చేతిలో ఉన్నట్టేనని, అలాగని ప్రైవేటు వాళ్ల గుత్తాధిపత్యంలో పెట్టినా ప్రమాదమేనని ఆయన విడిగా రాసిన తీర్పులో వివరించారు. అదే ఏడాది తెలుగులో జెమిని, ఈటీవీ వచ్చాయి. తీర్పు రెండు ప్రమాదాల గురించి హెచ్చరించింది. మన ఇళ్లలోకి మొదట వచ్చింది వినోదం.

మీటరు లేని ఊరికి విలువ ఎంత

ఇప్పుడు ప్రేక్షకుడి పట్ల బాధ్యత. ప్రసార భారతికి ఇది చట్టంలోనే రాసి ఉంది. 12వ సెక్షన్ గ్రామీణులు, వ్యవసాయం, స్త్రీలు, పిల్లలు, గిరిజనులు, మైనారిటీలు అని పేర్లు పెట్టి మరీ చెబుతుంది. ఆదిలాబాద్ ఆకాశవాణి కేంద్రం గోండీలో కార్యక్రమాలు వేయడం ఈ బాధ్యతలోంచి వచ్చిందే. ప్రైవేటు ఛానెల్‌కు ఇలాంటి చట్టం లేదు. కొన్ని నియమాలు పాటించాలి, 2022 మార్గదర్శకాల ప్రకారం రోజుకు అరగంట ప్రజాహిత కార్యక్రమాలు వేయాలి, అంతకుమించి బరువు లేదు. మరి దాని మీద బరువు పెట్టేది ఏది? రేటింగ్.

రేటింగ్ ఎలా పుడుతుందో ఒకసారి లెక్క వేసి చూస్తే చాలా విషయాలు అర్థమవుతాయి. బార్క్ అనే సంస్థ దేశంలో సుమారు 55 వేల ఇళ్లలో, టీవీలో ఏ ఛానెల్ నడుస్తోందో నమోదు చేసే మీటర్లు పెట్టింది. 2020 నాటి ఆ సంస్థ అంచనా ప్రకారం టీవీ ఉన్న ఇళ్లు దాదాపు 21 కోట్లు. భాగిస్తే ఒక్క మీటరు ఇల్లు దాదాపు 3,800 ఇళ్ల తరఫున మాట్లాడుతోంది. హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్లో మీటరు ఉందనుకోండి, అక్కడ ఛానెల్ మారితే వేల ఇళ్లు మారినట్టు లెక్క. పాడేరు ఘాట్ మీద ఒక తండాలోనో గూడెంలోనో మీటరు లేకపోతే, అక్కడ ఊరంతా ఒక కార్యక్రమం విడవకుండా చూసినా ఆ ఛానెల్‌కు తెలిసే దారి లేదు. ఆ ఊరి సమస్యను చూపించడానికి కెమెరా, కారు, రిపోర్టరు, ఒక రోజు పని ఖర్చు. రాబడి లెక్కలో మాత్రం సున్నా. ఆ ఛానెల్లో మంచివాళ్లు లేరని కాదు. నాకు తెలిసిన రిపోర్టర్లలో సొంత బండి మీద, సొంత పెట్రోలుతో అలాంటి ఊళ్లకు వెళ్లినవాళ్లు ఉన్నారు. వాళ్లు తెచ్చిన దృశ్యాలు రాత్రి పదకొండు తర్వాత ఒకసారి వచ్చి పోయాయి.

మీటరు కొలిచేది ఇంకొకటి కూడా ఉంది. ఎంతమంది చూశారన్నదానితో పాటు ఎంతసేపు ఉన్నారన్నది. చూసేవాడు రిమోట్ నొక్కకుండా ఆపాలి. అందుకే "మరికాసేపట్లో" అని చెప్పి అరగంట లాగుతారు. అందుకే చర్చలో నలుగురు ఒకేసారి అరుస్తున్నా యాంకరు ఆపరు. తుపాను రాత్రి మేం చూసిన ఆ ఒక్క అల కూడా అందుకే అన్నిసార్లు తిరిగింది. ఆ అల తప్పు సమాచారం కాకపోవచ్చు. కానీ దాన్ని ఎంచుకున్నది మా ఊరికి ఏం కావాలో చూసి కాదు. రేడియోలో చదివిన బులెటిన్‌కు రేటింగ్ లేదు, అది మళ్లీ మళ్లీ చదవడానికి కారణం ఇప్పుడే రేడియో పెట్టినవాడికి కూడా తెలియాలని.

ఈ కొలత మీద అనుమానాలు రేగినప్పుడు 2020 అక్టోబరులో బార్క్ వార్తా ఛానెళ్ల రేటింగ్‌లు ఇవ్వడం ఆపేసి 2022 మార్చిలో మళ్లీ మొదలుపెట్టింది. దాదాపు ఏడాదిన్నర రేటింగ్ లేకుండానే వార్తలు నడిచాయి. అరుపులు తగ్గాయని మాత్రం నాకు అనిపించలేదు. అలవాటు అప్పటికే ముదిరింది.

రెండో వైపు కూడా చెప్పాలి. రేటింగ్ లేకపోవడం వల్ల వచ్చే జబ్బు వేరు. చూసేవాడు లేచి వెళ్లిపోయినా ఎవరికీ నష్టం లేకపోతే కార్యక్రమం పదేళ్లు ఒకే సెట్‌లో, ఒకే ప్రశ్నలతో నడుస్తుంది. వ్యవసాయం చూడండి. రేడియోలో రైతుల కార్యక్రమాలు దశాబ్దాల నుంచి ఉన్నాయి. అయినా పొద్దున్నే టీవీ ముందు రైతును కూర్చోబెట్టి ఆ కార్యక్రమాన్ని ఇంటి మాటగా మార్చింది ఈటీవీ అన్నదాత. చట్టం ఆ ఛానెల్‌ను అలా చేయమనలేదు. డ్రిప్ పరికరాల నుంచి విత్తనాల వరకు ప్రకటనలు ఇచ్చేవాళ్లు ఉన్నారు, రైతులు చూశారు. బాధ్యత, లాభం ఒకే దారిలో కలిసిన చోట ప్రైవేటు ఛానెల్ చురుగ్గా పనిచేస్తుంది. అవి విడిపోయిన చోట, అంటే లాభం లేని గోండీ దగ్గర, మీటరు లేని గూడెం దగ్గర, ప్రజా ప్రసారం తప్ప ఇంకెవరూ మిగలరు.

రేడియోలో ఇంకో తేడా ఉంది, చాలామందికి తెలియదు. మన దేశంలో ప్రైవేటు ఎఫ్‌ఎంలు సొంతంగా వార్తలు చదవకూడదు. కావాలంటే ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నదున్నట్టు వేసుకోవచ్చు. అంటే రేడియో వార్తల్లో మీకు ఎంపికే లేదు. నన్నడిగితే ఇది ఇద్దరికీ మంచిది కాదు, ఆకాశవాణికి మరీనూ. పక్కన పోటీ ఉంటే దాని వార్తల డెస్కుకు కూడా ధైర్యం వచ్చేది.

ఇంట్లో ఒక గంట పరీక్ష

నా మాట అలా ఉంచి మీరే చూసుకోండి. ఒక కాగితం, గడియారం చాలు. ఒక సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది వరకు మీరు రోజూ చూసే న్యూస్ ఛానెల్ పెట్టండి. మొదట ప్రకటనల నిమిషాలు రాసుకోండి. నియమం ప్రకారం గంటకు 12 నిమిషాలు దాటకూడదు, అందులో పది ప్రకటనలకు, రెండు ఛానెల్ సొంత ప్రచారానికి. ఈ పరిమితి మీద ఏళ్ల తరబడి కోర్టులో కేసు నడుస్తూ ఉండటంతో చాలాచోట్ల దీన్ని గట్టిగా అమలు చేయలేదు. ఎల్-ఆకారంలో తెరను కుదించి పక్కన, కింద వేసే ప్రకటనలను కూడా రాసుకోండి. వార్త నడుస్తూనే ఉంటుంది కాబట్టి మామూలుగా వాటిని మనం లెక్కలోకి తీసుకోం.

తర్వాత ప్రతి వార్త దగ్గరా ఒకటే రాయండి: ఇందులో ఎవరు మాట్లాడారు? మంత్రా, ప్రతిపక్షమా, అధికారా, బాధితుడా, లేక యాంకరు ఒక్కరేనా? చివరగా, ఎక్కడ, ఎప్పుడు తీశారో చెప్పని దృశ్యాలు ఎన్నిసార్లు వచ్చాయో గీతలు గీయండి. మర్నాడు ఇదే పని డీడీ యాదగిరి లేదా డీడీ సప్తగిరి వార్తల మీద చేయండి. అక్కడ ప్రకటనల గీతలు తక్కువ పడొచ్చు. మీరు జాగ్రత్తగా చూడాల్సింది "ఎవరు మాట్లాడారు" అన్న వరస. ప్రభుత్వం చేసిన పని వార్తగా వచ్చినప్పుడు ఆ పని అందని మనిషి గొంతు ఒక్కటైనా ఉందా? వారం రోజుల్లో ఒక్కసారి కూడా లేకపోతే ఆ బులెటిన్‌ను ప్రకటనగా వినాలి, వార్తగా కాదు.

నేను ఒక ప్రైవేటు ఛానెల్ మీద ఇలా చేసినప్పుడు గీతల కాగితం కంటే రెండో వరస నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఆస్పత్రి మీద ఇరవై నిమిషాల చర్చ. నలుగురు పార్టీల వాళ్లు మాట్లాడారు. డాక్టరు లేడు, రోగి లేడు.

మరి ఏది పెట్టుకోవాలి

తుపాను, వరద వచ్చేటప్పుడు ఆకాశవాణి. ఇందులో నాకు సందేహం లేదు. కాకపోతే ముందే సిద్ధం కావాలి. విజయవాడ 837, విశాఖపట్నం 927, కడప 900, హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్ అని మీడియం వేవ్‌లో అలవాటైన స్థానాలు. పాత ట్రాన్స్‌మిటర్లను అక్కడక్కడా ఆపి ఎఫ్‌ఎంకు మారుస్తున్నారు కాబట్టి, మీ ఊళ్లో ఏది స్పష్టంగా వస్తోందో మామూలు రోజునే తిప్పి చూసుకుని రేడియో వెనక రాసి అంటించండి. ఫోన్లో యాప్ ఉంది కదా అనుకోవద్దు, దానికి నెట్ కావాలి. ఫోన్‌లోనే ఎఫ్‌ఎం ట్యూనర్ ఉంటే నెట్ లేకపోయినా వస్తుంది, వైరున్న ఇయర్‌ఫోన్ పెడితేనే, ఎందుకంటే ఆ వైరే యాంటెన్నా. కొత్త ఫోన్లలో చాలావాటికి ఈ సదుపాయం లేదు. 300 రూపాయల రేడియో, విడిగా కవర్లో పెట్టిన కొత్త బ్యాటరీలు అన్నిటికంటే నయం. బ్యాటరీలు లోపలే వదిలేస్తే కారిపోయి రేడియో పాడవుతుంది.

ప్రభుత్వం మీద ఆరోపణ, కుంభకోణం, పోలీసుల దౌర్జన్యం లాంటివైతే ప్రైవేటు ఛానెళ్లే, కానీ ఒక్కటి కాదు, రెండు. రెండూ వేర్వేరు వైపు మొగ్గేవి కావాలి. కేంద్రం మీద వార్త అయితే జాతీయ ఛానెళ్లలోనూ ఇదే చేయాలి. అసెంబ్లీలోనో పార్లమెంటులోనో ఎవరేమన్నారన్నదే ప్రశ్న అయితే వ్యాఖ్యానం వద్దు, ప్రత్యక్ష ప్రసారం చూడండి.

క్రికెట్ కోసం మాత్రమే పే ఛానెల్ తీసుకుంటున్నవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. 2007 చట్టం ప్రకారం జాతీయ ప్రాధాన్యం ఉన్నవని నోటిఫై చేసిన ఆటల సిగ్నల్‌ను ప్రైవేటు సంస్థలు ప్రసార భారతితో పంచుకోవాలి. ఇండియా ఆడే ముఖ్యమైన మ్యాచ్‌లు కొన్ని ఫ్రీ డిష్‌లోని దూరదర్శన్‌లో వస్తాయి. కేబుల్‌లో ఆ సిగ్నల్ ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది కాబట్టి, కేబుల్ పెట్టుకుని "దూరదర్శన్‌లో మ్యాచ్ ఎందుకు రావట్లేదు" అని ఆపరేటర్‌తో గొడవపడి లాభం లేదు. ఐపీఎల్ సంగతి వేరు, అది ఆ జాబితాలో లేదు. ఫ్రీ డిష్ ఒకసారి కొంటే నెలనెలా ఖర్చు లేదు గానీ, తెలుగు ప్రైవేటు ఛానెళ్లు అందులో తక్కువ. తెలుగు సీరియళ్లు చూసే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే అది సరిపోదు.

ఏది పెట్టుకున్నా తప్పు కనిపిస్తే అడగొచ్చు, అడిగే దారులు వేరు. ప్రసార భారతి ప్రభుత్వ సంస్థ కాబట్టి సమాచార హక్కు చట్టం వర్తిస్తుంది. పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. మీ జిల్లా కార్యక్రమానికి ఎంత ఖర్చు చేశారు, ఎన్ని గంటలు ప్రసారం చేశారు అని అడగొచ్చు. ప్రైవేటు ఛానెల్‌ను ఇలా అడగలేరు. అక్కడ 2021 నిబంధనల ప్రకారం ముందు ఛానెల్‌కే ఫిర్యాదు చేయాలి. అందినట్టు 24 గంటల్లో, నిర్ణయం 15 రోజుల్లో చెప్పాలి. తృప్తి లేకపోతే మరో 15 రోజుల్లోపు ఆ ఛానెల్ సభ్యత్వం ఉన్న స్వీయ నియంత్రణ సంస్థకు వెళ్లాలి. ఏ దారిలో వెళ్లినా తేదీ, గంట, నిమిషం, తెర మీద రాసిన మాటలు ఉన్నదున్నట్టు రాసుకుని ఉండాలి. "మొన్న ఎప్పుడో అన్నారండీ" అంటే ఆ కాగితం మొదటి టేబుల్ దగ్గరే ఆగిపోతుంది.